ఎనిమిదింటికి షట్టర్ ఎత్తేలోపు ఎవరి చేతిలో ఏ పని ఉండాలి?

ప్రశ్న: మాది ఖమ్మంలో ఒక మోస్తరు సూపర్‌మార్కెట్. బిల్లింగ్‌లో ఉన్న నన్ను ఈమధ్యే ఉదయం షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని చేశారు. ఎనిమిదింటికి షాపు తెరవాలి. ఏడుంబావుకల్లా నాతో కలిపి ఎనిమిది మందిమి లోపల ఉంటాం: ఇద్దరు క్యాషియర్లు, కూరగాయల దగ్గర ఒకరు, ఫ్లోర్‌లో ముగ్గురు, ఊడ్చి తుడిచే ఆమె ఒకరు. అయినా ఎనిమిదింటికి ఒక్క కౌంటరే నడుస్తుంది, పాల ట్రేలు దారిలోనే ఉంటాయి, ఫ్లోర్ తడిగా ఉంటుంది. క్యాష్ రెండుసార్లు తక్కువొచ్చింది, ఎవరి చేతిలో తగ్గిందో తేలలేదు. మేనేజర్ గారు పెద్ద చెక్‌లిస్ట్ ఇచ్చారు. అందరూ టిక్కులు పెడుతున్నారు కానీ పని మాత్రం అవ్వట్లేదు. పైగా ఇద్దరు నాకంటే సీనియర్లు. వాళ్లకి పని ఎలా పంచాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీకు మనుషులు తక్కువ లేరు. ఆ సైజు షాపుకి 45 నిమిషాలు, ఏడుగురు మనుషులు సరిపోతారు. ఇబ్బంది ఆ చెక్‌లిస్ట్ రాసిన తీరులో ఉందని నా అనుమానం. ఇలాంటి లిస్టులు మామూలుగా చోటు ప్రకారం రాసి ఉంటాయి: ఎంట్రన్స్, కౌంటర్, చిల్లర్, కూరగాయలు, గోడౌన్, టాయిలెట్. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరిది అన్నది అందులో ఉండదు. దాంతో ఎవరికి దగ్గరున్న పని వాళ్లు మొదలుపెడతారు. ఫ్లోర్ మనిషి సబ్బుల ర్యాక్ సర్దుతూ ఉంటే పాలు బయట ఎండలో ఉంటాయి. క్యాషియర్ ఖాళీగా కనిపించిందని ఎవరో ఆమెను బిస్కెట్ల అట్టపెట్టె విప్పమంటారు, ఎనిమిదింటికి ఆమె కౌంటర్ చీకటిగా ఉంటుంది.

కాబట్టి ముందు ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకోండి. మీ దగ్గర ఎనిమిదింటికి లోపలికొచ్చే మొదటి ఇరవై మంది ఏం కొంటారు? బిల్లింగ్‌లో కూర్చున్న మీకు ఇది నాకంటే బాగా తెలుసు. పాలు, పెరుగు, బ్రెడ్, గుడ్లు, కొత్తిమీర, కరివేపాకు, టమాటా, టిఫిన్‌కి ఇడ్లీ రవ్వో దోసెల పిండో. వాళ్లలో సగం మంది 500 నోటు తీస్తారు. అంటే ఎనిమిదింటికి తప్పకుండా సిద్ధంగా ఉండాల్సినవి నాలుగే: నిండిన పాల చిల్లర్, ఆ రోజు రేట్లతో కూరగాయల తూకం, చిల్లరతో రెండు కౌంటర్లు, ఎంట్రన్స్ నుంచి అక్కడిదాకా పొడి దారి. డిటర్జెంట్ల వరస సర్దటం, గాజు సీసాల మీద దుమ్ము తుడవటం, గోడౌన్ నుంచి పప్పులు తేవటం, ఇవన్నీ తొమ్మిదిన్నర తర్వాత రద్దీ తగ్గాక చేసుకునే పనులు. ఓపెనింగ్ లిస్ట్‌లోంచి వాటిని తీసేయండి. మేనేజర్ గారు ఒప్పుకోకపోతే "తెరిచాక" అని రెండో కాగితం పెట్టి అందులోకి మార్చండి.

ఇక మనుషులు. సీనియర్ల విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది.

రేపటి పని ఈ రోజు మీ షిఫ్ట్ ముగిసేలోపే కాగితం మీద రాసి నోటీస్ బోర్డుకి పెట్టండి. పొద్దున్న అప్పటికప్పుడు చెప్తే అది ఆజ్ఞలా వినిపిస్తుంది, ముందురోజే రాసి ఉంటే అది డ్యూటీ అవుతుంది. ఒక్కో పనికి ఒక్కరి పేరే ఉండాలి. "పాలు: ఇద్దరూ" అని రాస్తే పాలు ఎవరివీ కావు. ఇద్దరు చేసే పనే అయినా బాధ్యత ఒకరి పేరు మీద, తోడు ఇంకొకరు. పేరు పక్కన ఎప్పటికి అవ్వాలో టైము, అయిందని దేన్ని బట్టి తెలుస్తుందో ఒక గుర్తు. ఏడు ఇరవైకి కౌంటర్ల ముందు అందర్నీ నిలబెట్టి మూడు నిమిషాల్లో చదివేయండి. "అక్కా, పాలు మీవి. ఏడూ నలభైకల్లా చిల్లర్ నిండాలి, ఖాళీ ట్రేలు బయటికి వెళ్లిపోవాలి." అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. "ప్లీజ్, కొంచెం చూడండక్కా" అని బతిమాలినా, గొంతు పెంచినా సీనియర్ ముందు మీరే చిన్నబోతారు.

సీనియర్లకి ఏ పని ఇవ్వాలన్నది నా లెక్కలో స్పష్టం: బయటివాళ్లతో లెక్క తేల్చుకోవాల్సిన పని. పాల డెలివరీ కుర్రాడు నాలుగు లీకు ప్యాకెట్లు ట్రే అడుగున పెట్టి సంతకం పెట్టించుకుని పోతాడు. కొత్తగా చేరిన అమ్మాయి అది పట్టుకోలేదు, పట్టుకున్నా అడగలేదు. పాత మనిషి ట్రే కింద కారిన తడి చూసే అడుగుతుంది. రిసీవింగ్ ఆమెకివ్వండి, రిసీవింగ్ పుస్తకం కూడా ఆమె చేతికే ఇవ్వండి. అప్పుడు ఆమె మీ కింద పనిచేసినట్టు ఉండదు, తన పని తను చేసుకున్నట్టు ఉంటుంది. రెండో సీనియర్‌కి కూరగాయల విభాగం నడపటం వస్తే అది శాశ్వతంగా తనదే అనండి. వారం వారం మార్చాలన్న నియమం ఉంటే చిన్నవాళ్ల మధ్యే మార్చండి.

మీరు మాత్రం ట్రేలు మోయొద్దు. బిల్లింగ్ నుంచి వచ్చినవాళ్లకి ఖాళీ చేతులతో నిలబడటం ఇబ్బందిగా ఉంటుంది, వెళ్లి ఏదో ఒకటి సర్దేస్తారు. ఆ 45 నిమిషాల్లో మీరే చేయాల్సిన పనులు మూడు: క్యాష్ అప్పగించటం, రేట్లు అప్‌డేట్ అయ్యాయో లేదో చూడటం, 7:50కి ఒక చుట్టు తిరగటం. మీరు చిల్లర్ వెనకాల ప్యాకెట్లు పేరుస్తూ ఉంటే ఈ మూడూ జరగవు. వీటిని మీ బదులు ఇంకెవరూ చేయలేరు.

ఇక టిక్కులు. టిక్ పెట్టడానికి పెన్ను ఉంటే చాలు, చూడాల్సిన పని లేదు. టిక్ బదులు అంకె రాయించండి. "చిల్లర్ చెక్ చేశారా?" అని ఉన్నచోట "చిల్లర్ ఎన్ని డిగ్రీలు?" అని మార్చండి. "తూకం మెషిన్ సరిగా ఉందా?" బదులు "కిలో రాయి పెడితే ఎంత చూపించింది?" అని. "పాలు వచ్చాయా?" బదులు ఎన్ని ట్రేలు, ఎన్ని లీకు. అంకె రాయాలంటే మనిషి అక్కడిదాకా వెళ్లాలి. వెళ్లకుండా రాసేవాళ్లూ ఉంటారు, వాళ్లని పట్టుకోవడానికి శనివారం వారం మొత్తం కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. మే నెలలో, ఖమ్మంలో, ఆరు రోజులూ చిల్లర్ సరిగ్గా 4.0 అని ఉంటే ఎవరూ చూడలేదన్నమాట. నిజంగా చూసిన కాగితంలో 3.6, 4.8, కరెంటు పోయిన రాత్రి తర్వాత 8 కూడా ఉంటుంది.

ఆ 8 కనిపిస్తే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోండి. పాశ్చరైజ్డ్ పాలు 5 డిగ్రీల లోపు ఉండాలి, ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 దగ్గర. రాత్రి కరెంటు బిల్లు కలిసొస్తుందని చిల్లర్ స్విచ్ ఆపేసే షాపులున్నాయి. మీ దగ్గర అలా జరుగుతోందేమో రాత్రి షిఫ్ట్‌ని అడగండి, జరుగుతుంటే మేనేజర్ గారితో ఆ రోజే మాట్లాడండి. పొద్దున అంకె ఎక్కువుంటే పాత పెరుగు, పనీర్ పక్కకి తీసి మేనేజర్‌కి చెప్పేదాకా అమ్మకండి. కొత్త పాలు వేడెక్కిన చిల్లర్‌లోనే పెట్టకుండా పని చేస్తున్న ఇంకో ఫ్రిజ్‌లోకి మార్చండి. ఐస్‌క్రీం డబ్బా మూత తెరవక్కర్లేదు. డబ్బా వంకర పోయినా, కప్పు పక్కన కారి గడ్డకట్టిన మరక ఉన్నా అది రాత్రి కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం.

పాల దగ్గర వరస ఇలా ఉండాలి. ముందు నిన్నటి మిగులు ముందుకి లాగాలి, తేదీ చూసి అయిపోయినవి తీసేయాలి, ఆ తర్వాతే కొత్తవి వెనక పెట్టాలి. తొందరలో అందరూ కొత్తవి ముందు పడేస్తారు. అప్పుడు పాతవి వెనకే ఉండిపోతాయి, మూడో రోజు కస్టమర్ చేతికి తేదీ దాటిన పెరుగు వస్తుంది. ఇద్దరుంటే పని సగమవుతుంది: ఒకరు డెలివరీ దగ్గర లెక్క చూసి లోపలికి పంపుతారు, ఇంకొకరు చిల్లర్ దగ్గర ఉండి పాతవి లాగి కొత్తవి పెడతారు. ఇద్దరూ డెలివరీ దగ్గరే నిలబడితే ట్రేలు దారిలో ఆగిపోతాయి. మీకు జరుగుతున్నది ఇదే అయ్యుండొచ్చు.

ట్రేలు దారిలో ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. బిస్కెట్లు, నూనెలు, సబ్బుల డిస్ట్రిబ్యూటర్లు కూడా పొద్దున్నే వస్తుంటే పాల వాళ్లు దించే చోటే వాళ్లూ దించుతారు. పొడి సరుకుకి పొద్దున్న తొందరేమీ లేదు. పదిన్నర తర్వాత రమ్మని మేనేజర్ గారి చేత వాళ్లకి చెప్పించండి. ముందొచ్చిన బండిని సెక్యూరిటీ బయటే ఆపాలి. మీరు చెప్తే సేల్స్‌మన్ వాదిస్తాడు, కాబట్టి ఇది మేనేజర్ నోటి నుంచే రావాలి.

కూరగాయల గురించి కొంచెం వివరంగా రాస్తాను, పొద్దున్న గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. రేట్లు రోజూ మారతాయి. మారిన రేటు మూడు చోట్ల పడాలి: బిల్లింగ్ సిస్టమ్‌లో, తూకం మెషిన్‌లో, గోడ మీది బోర్డులో. చాలా షాపుల్లో తూకం మెషిన్ సిస్టమ్ నుంచి రేటు తీసుకుని బార్‌కోడ్ స్టిక్కర్ కొడుతుంది. రేటు సిస్టమ్‌లో మారి మెషిన్‌కి వెళ్లకపోతే స్టిక్కర్ నిన్నటి రేటుతో వస్తుంది. బోర్డు మీద టమాటా 28, స్టిక్కర్ మీద 36. కస్టమర్ కౌంటర్ దగ్గర నిలదీస్తాడు, క్యాషియర్ కూరగాయల వైపు అరుస్తుంది, వెనక పదిమంది ఆగిపోతారు. రివర్స్‌లో జరిగితే ఎవరూ అడగరు, షాపు నష్టపోతుంది.

అందుకని కూరగాయల మనిషి ముందు ఆకుకూరలు ఏరటం మొదలుపెట్టకూడదు. 7:25కి అన్నిటికంటే ముందు రేట్లు పంపాలి. పంపాక రేటు మారిన రెండు మూడు రకాలు తూచి స్టిక్కర్ కొట్టి బోర్డు పక్కన పెట్టి చూడాలి. ఆ స్టిక్కర్లనే మీ చెక్‌లిస్ట్ కాగితం వెనక అంటించమనండి. అంతకంటే మంచి రుజువు ఉండదు, తేదీ కూడా దాని మీదే ఉంటుంది. తర్వాత మెషిన్ ఖాళీగా సున్నా చూపిస్తోందా, కిలో రాయి పెడితే 1.000 వస్తోందా చూడాలి. పళ్లెం కింద ఉల్లిపొట్టు ఇరుక్కున్నా పది గ్రాములు తేడా వస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి పడాలి. ఆ సర్టిఫికెట్ గడువు తేదీ కూడా మీ కాగితం మీద ఒక మూల రాసి పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే ఏరటం, నీళ్లు చల్లటం, పేర్చటం. మొదటి గంటలో పోయేవి కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, టమాటా. ముందు అవి పెట్టి, గుమ్మడికాయ, దుంపలు తర్వాత చూసుకోవచ్చు.

ఆఫర్లు, షెల్ఫ్ లేబుళ్లు ఫ్లోర్‌లో మూడో మనిషి పని. ఒకటో తారీఖున, ఆఫర్ ముగిసిన మర్నాడు ఇది పెద్ద పనే, మిగతా రోజుల్లో పది నిమిషాల్లో అయిపోతుంది. నిన్నటితో అయిపోయిన ఆఫర్ కార్డులు ముందు పీకాలి. ఇవాళ మొదలయ్యే వాటిలో ఒక్కో సరుకు కౌంటర్‌కి తెచ్చి స్కాన్ చేయించి లేబుల్‌తో పోల్చాలి. ఒకే బార్‌కోడ్‌కి రెండు ఎంఆర్‌పీల సరుకు ఉన్నప్పుడు మరీ జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చినప్పుడు షాపులన్నిటిలో పాత ధర, కొత్త ధర సరుకు పక్కపక్కనే ఉంది. అలాంటప్పుడు సిస్టమ్ రెండు ధరలు చూపించి ఏదో ఎంచుకోమంటుంది. తొందరలో క్యాషియర్ పైనున్నది నొక్కేస్తే ప్యాకెట్ మీదున్న ఎంఆర్‌పీ కంటే ఎక్కువ పడొచ్చు. ఎంఆర్‌పీ మించి తీసుకోవటం చట్టప్రకారం నేరం. రెండు ధరలున్న సరుకుల పేర్లు చిన్న చీటీ మీద రాసి రెండు కౌంటర్లలోనూ కీబోర్డు పక్కన అంటించండి.

తుడిచే ఆమెకి చెప్పాల్సింది ఒక్కటే: వరస తిప్పమని. లోపల్నుంచి మొదలుపెట్టి ఎంట్రన్స్ దగ్గర ముగించటం అందరికీ అలవాటు, అందుకే తలుపు తీసేసరికి అక్కడే తడి ఉంటుంది. ముందు ఎంట్రన్స్, కౌంటర్ల ముందు, పాల చిల్లర్ దారి. తడి గుడ్డ 7:40కి ఆగిపోవాలి. వెనక వరసలు పొడిగా ఊడిస్తే చాలు, తుడవటం తర్వాత. చిల్లర్ ముందు మాత్రం ట్రేలు వెళ్లిపోయాక ఇంకోసారి పొడిగుడ్డ వేయాలి, లీకు పాలు అక్కడే కారతాయి.

ఇప్పుడు క్యాష్. రెండుసార్లు తక్కువొస్తే, ఎవరి చేతిలో తగ్గిందో తేలకపోతే, ఆ డ్రాయర్‌లో ఒకరికంటే ఎక్కువ చేతులు పడ్డాయని నేను అనుకుంటాను. ఒక క్యాషియర్ టిఫిన్‌కి వెళ్తే పక్కనామె అదే లాగిన్‌లో, అదే డ్రాయర్‌లో నాలుగు బిల్లులు కొడుతుంది. చిల్లర అయిపోతే ఈ డ్రాయర్‌లోంచి ఆ డ్రాయర్‌కి వంద తీసి "తర్వాత ఇస్తా" అంటారు. ఎవరూ దొంగ కాదు. కానీ సాయంత్రానికి ఏ లెక్కా తేలదు.

నియమం ఇది: ఒక మనిషి, ఒక లాగిన్, ఒక డ్రాయర్. టిఫిన్‌కి వెళ్తే డ్రాయర్ తాళం వేసి, లాగిన్ మూసి, కౌంటర్ మూసి ఉందన్న బోర్డు పెట్టి వెళ్లాలి. రెండు కౌంటర్ల మధ్య నోట్లు మారటం మీ చేతి మీదుగానే జరగాలి.

పొద్దున్న అప్పగింత ఇలా చేయండి. సేఫ్ తీసేటప్పుడు మీతో ఇంకొకరు ఉండాలి. నిన్నటి సేల్ సంచి సీలుతో అలాగే ఉంచండి, అది బ్యాంకుకి వెళ్లేది. చిల్లర కావాలని దాన్ని విప్పొద్దు, నిన్నటి డబ్బు ఇవాళ్టి డబ్బులో కలిస్తే రెండు రోజుల లెక్కా పోతుంది. ఒక్కో కౌంటర్‌కి ఓపెనింగ్ క్యాష్ సంచి రాత్రే కట్టి ఉండాలి. మీది లాంటి షాపుకి ఒక కౌంటర్‌కి 3,000 చాలు, కానీ అది ఏ నోట్లలో ఉందన్నదే అసలు విషయం. నేనైతే ఇలా కట్టిస్తాను: వందలు 10, యాభైలు 12, ఇరవైలు 30, పదులు 60, అయిదు రూపాయల బిళ్లలు 20, రెండు రూపాయలవి 25, రూపాయి బిళ్లలు 50. కూడితే సరిగ్గా 3,000. అదే 3,000 అయిదు వందల నోట్లలో ఇస్తే కాగితం మీద సరిపోతుంది, మొదటి పాల ప్యాకెట్‌కే కౌంటర్ ఆగిపోతుంది. బ్యాంకులో చిల్లర దొరకటం కష్టమైతే దగ్గర్లో టీకొట్టువాళ్లతో మాట్లాడుకోండి, వాళ్లకి చిల్లర బరువు, మీకు అవసరం. చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టటం మాత్రం మీ షిఫ్ట్‌లో వద్దు.

ఒక క్యాషియర్ మీ ముందు కూర్చుని తనే లెక్కపెట్టాలి. మీరు చూస్తూ ఉండాలి, చేయి పెట్టకూడదు. ఆ టైములో రెండో క్యాషియర్ రెండు సిస్టమ్‌లూ ఆన్ చేసి కౌంటర్లు తుడుస్తుంది. ఆ తర్వాత ఆమె లెక్క. ఇద్దరికీ కలిపి పావుగంట పడుతుంది. నోట్ల వారీగా రాసి, లెక్కపెట్టిన క్యాషియర్, మీరు ఇద్దరూ సంతకం పెట్టి, అదే అంకె సిస్టమ్‌లో ఓపెనింగ్ క్యాష్‌గా ఎక్కించాలి. పదిరూపాయలు తక్కువుంటే జేబులోంచి వేయొద్దు, వేయనివ్వొద్దు. 2,990 అని ఉన్నదున్నట్టు ఎక్కించి రాత్రి సంచి కట్టినవాళ్లకి చెప్పండి. జేబులోంచి వేయటం అలవాటైతే ఎక్కువొచ్చినప్పుడు జేబులోకే పోతుంది.

ఆ లెక్క అయ్యాక ప్రింటర్‌లో ఓపెనింగ్ స్లిప్ తీయించండి. రోల్ ఉందో లేదో, అక్షరాలు కనబడుతున్నాయో, సిస్టమ్ తేదీ సరిగా ఉందో ఆ ఒక్క కాగితంతో తేలుతుంది. స్వైపింగ్ మెషిన్ చార్జింగ్, నెట్‌వర్క్ చూడాలి. క్యూఆర్ కోడ్ దగ్గర మీ ఫోన్ నుంచి ఒక రూపాయి కొట్టి, డబ్బు ఎవరి పేరు మీద వెళ్తోందో స్క్రీన్ మీద చదవండి, సౌండ్ బాక్స్ పలికిందో వినండి. మీ కోడ్ మీద ఇంకొకరి స్టిక్కర్ అంటించే మోసాలు జరుగుతున్నాయి, పగలంతా ఎవరికీ తెలియదు.

ఇలా మొదలుపెడితే తక్కువొచ్చినప్పుడు ఎలా వెతకొచ్చో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకటో కౌంటర్‌లో ఓపెనింగ్ 3,000. షిఫ్ట్ మొత్తం క్యాష్ సేల్ 18,640 అని సిస్టమ్ చెప్తోంది. మధ్యలో మీరు స్లిప్ రాసి, సంతకం పెట్టించి 15,000 తీసి సేఫ్‌లో పెట్టారు. డ్రాయర్‌లో 6,640 ఉండాలి. లెక్కపెడితే 6,154 ఉంది, 486 తక్కువ. పొద్దున్న అంకె మీద ఇద్దరి సంతకం ఉంది, తీసిన డబ్బుకి స్లిప్ ఉంది, డ్రాయర్‌లో ఇంకెవరి చెయ్యీ పడలేదు. కాబట్టి వెతకాల్సింది బిల్లుల్లోనే. ముందు యూపీఐ చూడండి. సిస్టమ్‌లో ఆ కౌంటర్ యూపీఐ మొత్తం ఒకటి, ఖాతాలో పడింది అంతకంటే 486 ఎక్కువ. పదకొండింటి దగ్గర 486 రూపాయల బిల్లు ఒకటుంది, కస్టమర్ ఫోన్‌లో కొట్టాడు, క్యాషియర్ అలవాటుగా క్యాష్ బటన్ నొక్కింది. డబ్బు ఎక్కడికీ పోలేదు. తక్కువొచ్చిందని ఎవరినీ ఏమీ అనకముందు ఇది చూసి తీరాలి. అంకె రౌండ్‌గా లేకపోతే ఇలాంటిదే అయ్యే అవకాశం ఎక్కువ. సరిగ్గా 100, 400, 500 అయితే చిల్లర ఇవ్వటంలో నోటు మారి ఉండొచ్చు, వందకి బదులు అయిదు వందలు ఇస్తే తేడా 400.

వెతికినా దొరక్కపోతే? జీతంలో కోయమని ఎవరైనా అంటే తొందరపడొద్దు. క్యాషియర్ నిర్లక్ష్యం వల్లే ఆ డబ్బు పోయిందని తేలాలి, కోసేముందు ఆమె వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, వేతన చట్టం చెప్పేది ఇదే. ఇద్దరు క్యాషియర్లకీ చెరి సగం పంచేయటం అన్యాయం. మీకు గతంలో తగ్గిన ఆ రెండుసార్ల విషయంలో కూడా ఎవరి మీదా పెట్టకండి, అప్పుడు అప్పగింత కాగితం లేదు కాబట్టి ఎవరి మీదా నిలవదు.

7:50కి చుట్టు తిరగటం. కస్టమర్ వచ్చే దారిలోనే నడవండి: తలుపు, బుట్టలు, కూరగాయలు, పాలు, బ్రెడ్, కౌంటర్. వెనక ఎమర్జెన్సీ తలుపు ముందు అట్టపెట్టెలు లేవని కూడా చూడండి. కనబడిన లోపం మీరే సరిచేయకండి. ఆ పని ఎవరి పేరు మీద ఉందో వాళ్లని పిలిచి చూపించండి, అదీ నలుగురి ముందు కాకుండా. మొదటి వారం పది లోపాలు కనబడతాయి. రెండో వారం నుంచి, మీరు అటు నడుస్తున్నప్పుడే వాళ్లు ముందుకొచ్చి సర్దేస్తారు. 7:55కి ఇద్దరు క్యాషియర్లూ లాగిన్ అయి కుర్చీల్లో ఉండాలి. ఆ తర్వాత తొమ్మిదిన్నర దాకా వాళ్లని ఏ సరుకు పనికీ పిలవనని అందరి ముందూ చెప్పండి.

ఎవరైనా రాకపోతే ఏం చేయాలన్నది పొద్దున్న ఆలోచించే విషయం కాదు. బోర్డు మీది కాగితం వెనకే ఆరుగురి ప్లాన్ రాసి పెట్టుకోండి. ఇద్దరు లేకపోతే ముందు వదిలేసేది వెనక వరసలు ఊడ్వటం, ఆ తర్వాత లేబుళ్లు, అదీ ఆఫర్ మారిన రోజు కాకపోతేనే. పాలకి తోడు మనిషిని తీసేస్తే ఇంకో పది నిమిషాలు పడుతుంది, అందుకని ఆ రోజు పాలు 7:50కి అవుతాయని కాగితం మీదే మార్చండి. క్యాషియర్ రాకపోతే రెండో కౌంటర్‌లో మీరే కూర్చోవాలి, మీ లాగిన్‌తో, మీరు లెక్కపెట్టి తీసుకున్న డ్రాయర్‌తో. అప్పుడు మీ లెక్కకి ఎదురుగా సంతకం మొదటి క్యాషియర్ చేత పెట్టించండి, 7:50 చుట్టు పని పాలు చూసే సీనియర్‌కి అప్పగించండి.

అన్నీ ఒకేసారి మార్చకండి. మొదటి వారం క్యాష్ అప్పగింత, క్యాషియర్లని సరుకు పనిలోంచి తప్పించటం, ఈ రెండే. వాటికి మేనేజర్ గారి అనుమతి కూడా పెద్దగా అక్కర్లేదు. ఎనిమిదింటికి రెండు కౌంటర్లూ నడవటం మొదలయ్యాక పాలు, తూకం మెషిన్ దగ్గరికి రండి. డిస్ట్రిబ్యూటర్ల టైము మార్చే మాట, ఆ కాగితాలు పక్కన పెట్టుకుని అప్పుడు మేనేజర్ గారితో ఎత్తండి.